బిర్యానీ తిన్నాక రెండు గంటలకి 140, తెల్లారేసరికి 250: తేడా ఎక్కడొస్తుంది

టైప్ వన్ షుగర్ ఉండి, భోజనానికి ముందు ఇన్సులిన్ పెన్ను వేసుకునేవాళ్ళు బిర్యానీ గురించి చెప్పేది ఇంచుమించు ఒకటే ఉంటది. అన్నం లెక్కేసి డోస్ కరెక్టుగానే వేసుకున్నారు, తిన్న రెండు గంటలకి చూస్తే 140 ఉంది, హమ్మయ్య అని పడుకున్నారు, పొద్దున్న లేచి చూస్తే 250. బరంపురం, ఇచ్చాపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్ళ రిసెప్షన్లలో ఇది ఇంకా బాగా తెలుస్తది, ఎందుకంటే అక్కడ ఫొటోలు అయ్యి, చుట్టాలందరూ వచ్చి, ప్లేటు చేతికొచ్చేసరికి రాత్రి పది దాటుతుంది, తర్వాత బండేసుకుని బోర్డర్ దాటి ఇంటికొచ్చి పడుకోవడమే. షుగర్ పెరిగే టైమంతా నిద్రలోనే పోతుంది.

అసలు సమస్య ఆ ఒక్క రాత్రి పెరగడం కాదు, దానికి మనం చెప్పుకునే కారణం. పొద్దున్న 250 కనపడగానే ఇంట్లో అందరూ రాత్రి వేసుకునే లాంటస్ చాల్లేదు అనుకుంటారు, నాలుగు యూనిట్లు పెంచేస్తారు, ఆ పెంచింది అలాగే ఉండిపోతుంది. తర్వాత రోజు మామూలుగా చారు అన్నమో, ఇంట్లో పఖాళో తిని పడుకుంటే తెల్లవారుజామున మూడింటికి ఒళ్ళంతా చెమటలు, షుగర్ 58. అంటే బిర్యానీ చేసిన పనికి శిక్ష లాంటస్‌కి పడింది, దాని దెబ్బ చారన్నం రోజు తగిలింది. లాంటస్ లాంటి బేసల్ ఇన్సులిన్ పని ఏమీ తినకపోయినా షుగర్‌ని నిలకడగా ఉంచడం వరకే, ప్లేటులో ఉన్న నెయ్యీ మాంసం దాని ఖాతా కాదు. అందుకే మామూలు భోజనం త్వరగా తినేసిన రోజు పడుకునేముందు ఒకసారి, మధ్యరాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి చూసి, షుగర్ పెద్దగా కదలకుండా ఉంటే బేసల్ బానే ఉందని అర్థం. ఇది తేల్చుకోకుండా బిర్యానీ లెక్కలు మొదలెడితే ఏది దేనివల్ల జరిగిందో ఎప్పటికీ తెలీదు.

బిర్యానీ లోపలికెళ్ళాక జరిగేది ఇదీ. ఉత్త అన్నం తింటే పొట్టలోంచి తొందరగానే కిందకి దిగిపోతుంది, గంటా గంటన్నరలో షుగర్ బాగా పెరిగి తర్వాత తగ్గుతుంది. నోవోరాపిడ్, హ్యూమలాగ్ లాంటి ఫాస్ట్ ఇన్సులిన్లు కూడా వేసుకున్న పావుగంటలో మొదలై, గంటా గంటన్నర దగ్గర గట్టిగా పనిచేసి, నాలుగు గంటలయ్యేసరికి చాలావరకు అయిపోతాయి, అంటే ఈ రెండూ జోడీ కుదిరాయి. అదే అన్నానికి నెయ్యి, నూనె, వేయించిన ఉల్లిపాయ, కొవ్వున్న మాంసం కలిస్తే పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది, అందుకని మొదటి రెండు గంటల్లో షుగర్ తక్కువ కనపడుతుంది. కొందరికైతే అప్పుడే డౌన్ కూడా అవుతుంది, ఇన్సులిన్ వచ్చేసింది, అన్నం ఇంకా రాలేదు కాబట్టి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, ఆహా లేటుగా అరుగుతుంది అంతే అంటారు. అంతే అయితే మొత్తం ఇన్సులిన్ అంతే ఉంచి టైము మారిస్తే సరిపోవాలి, కానీ సరిపోదు. కొవ్వు అరిగాక రక్తంలో ఫ్యాటీ యాసిడ్లు పెరుగుతాయి, అవి ఉన్నంతసేపూ కండరాలూ లివరూ ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు, లివర్ తన దగ్గరున్న గ్లూకోజ్‌ని బయటికి వదులుతూనే ఉంటుంది. పైగా ముక్కల్లో ఉన్న ప్రోటీన్ కూడా మూడు నాలుగు గంటల తర్వాత తన వంతు కలుపుతుంది. అంటే అదే అన్నానికి ఎక్కువ ఇన్సులిన్ కావాలి, అది ఎక్కువసేపు కూడా ఉండాలి. టైము ఒక్కటే మార్చి ఫలితం లేదని వదిలేసేవాళ్ళు ఈ రెండో సగాన్ని పట్టించుకోలేదనే చెప్పాలి.

ఇది గాల్లో మాట కాదు. 2013లో అమెరికాలో బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్‌కి చెందిన హోవార్డ్ వోల్పర్ట్ బృందం ఏడుగురు టైప్ వన్ పేషెంట్లకి రెండు రకాల డిన్నర్లు పెట్టి చూసింది, రెండిట్లోనూ కార్బ్స్, ప్రోటీన్ సమానం, ఒకదాంట్లో కొవ్వు 10 గ్రాములు, రెండోదాంట్లో 60. షుగర్‌ని చూసుకుంటూ మెషినే ఇన్సులిన్ ఇచ్చే పద్ధతిలో చేస్తే, కొవ్వు తక్కువ డిన్నర్‌కి సగటున 9 యూనిట్లు పట్టాయి, కొవ్వు ఎక్కువ డిన్నర్‌కి 12.6. నలభై శాతం ఎక్కువ ఇచ్చినా కూడా షుగర్ ఎక్కువే ఉంది. తర్వాత 2016లో కిర్‌స్టీన్ బెల్ వాళ్ళు పిజ్జాతో చేశారు, 50 గ్రాముల కార్బ్స్ ఉన్న ఉత్త పిజ్జా బేస్ ఒకసారి, అదే బేస్ మీద చీజ్ వేసి ఇంకోసారి. చీజ్ ఉన్నదానికి సగటున 65 శాతం ఎక్కువ ఇన్సులిన్ కావాల్సొచ్చింది. కానీ ఆ సగటు కంటే దాని వెనకున్న తేడానే ముఖ్యం, ఒకరికి 17 శాతం ఎక్కువ సరిపోతే ఇంకొకరికి 124 శాతం కావాల్సొచ్చింది. కాబట్టి ఎవరికో పనిచేసిన శాతం తెచ్చి మన ఒంటి మీద వేసుకోవడం కుదరదు. ఎవరి నంబరు వాళ్ళు, తక్కువతో మొదలెట్టి, తమ డాక్టర్‌కి చూపించుకుంటూ కనుక్కోవాల్సిందే.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం, ఇది అర్థం కావడానికి వేసుకున్న ఊహా లెక్క. బరంపురంలో ఉద్యోగం చేసే పాతికేళ్ళ అమ్మాయి, టైప్ వన్, రోజూ రాత్రి లాంటస్, భోజనాలకి నోవోరాపిడ్ పెన్ను. ఈమెకి పది గ్రాముల కార్బ్స్‌కి ఒక యూనిట్ కావాలి, ఒక యూనిట్ వేస్తే షుగర్ సుమారు 40 తగ్గుతుంది. బేసల్ సరిగ్గానే ఉందని ముందే చూసుకుంది. రిసెప్షన్లో ప్రయోగాలు చెయ్యడం కష్టం కాబట్టి ఎప్పుడూ తెచ్చుకునే కొట్టులోనే చికెన్ బిర్యానీ పార్సిల్ తెప్పించి, ఇంట్లో కిచెన్ స్కేల్ మీద అన్నం వేరుగా తూచింది. అన్నం 280 గ్రాములు, అంటే కార్బ్స్ ఇంచుమించు 75, పెరుగు చట్నీతో కలిపి 80 అనుకుందాం. నెయ్యీ నూనే మాంసంలో కొవ్వూ అన్నీ కలిపి ఓ 35 గ్రాములు ఉండొచ్చు, దాన్ని ఇంట్లో కొలవలేం, ప్రతిసారీ అదే కొట్టు, అదే ప్లేటు అయితే కొలవక్కర్లేదు కూడా.

మొదటి రాత్రి పాత పద్ధతే. తినేముందు 118, పావుతక్కువ పదికి 8 యూనిట్లు మొత్తం వేసేసి పదింటికి తినడం మొదలెట్టింది. పన్నెండింటికి 142, రెండింటికి 214, నాలుగింటికి 268, ఆరున్నరకి 251. ఈ వరస చూస్తే కథంతా తెలిసిపోతుంది. గంటకే 250 అయ్యి తర్వాత తగ్గుంటే అది కార్బ్స్ లెక్క తప్పడమో, ఇన్సులిన్ తిన్నాక వేసుకోవడమో. పడుకున్న దగ్గర్నుంచి మెల్లమెల్లగా ప్రతి రాత్రీ ఏం తిన్నా ఎక్కుతుంటే అది బేసల్. రెండు గంటలకి బావుండి, మూడో గంట నుంచి ఎక్కడం మొదలై, ఆరు గంటల దాకా దిగకపోతే, అది కూడా ఇలాంటి భోజనం రోజే జరిగితే, అది కొవ్వు పనే. సెన్సర్ ఉంటే గ్రాఫ్‌లోనే కనపడుతుంది, లేకపోతే స్ట్రిప్‌తో తినేముందు, రెండు గంటలకి, నాలుగు గంటలకి, ఆరు గంటలకి, పొద్దున్న చూడాలి, అంటే రాత్రి రెండుసార్లు అలారం. బాధే కానీ రెండు మూడు రాత్రుల పనే ఇది, జీవితాంతం కాదు.

రెండోసారి అదే ప్లేటు, అదే 8 యూనిట్లు, కానీ విడగొట్టింది. తినేముందు 5, తినడం మొదలెట్టిన గంటన్నరకి, అంటే పదకొండున్నరకి, 3. ఈసారి పన్నెండింటికి 156, రెండింటికి 188, నాలుగింటికి 219, ఆరున్నరకి 204. తగ్గింది కానీ మొదలుపెట్టిన 118కి రాలేదు. ఇక్కడ తొందరపడి మళ్ళీ విడగొట్టే శాతాలు మార్చక్కర్లేదు, మిగిలిపోయిన తేడానే సంగతి చెప్తుంది. 204లోంచి 118 తీసేస్తే 86, ఒక యూనిట్‌కి 40 చొప్పున రెండు యూనిట్ల లోటు. అంటే మొత్తం 8 కాదు, 10 కావాలి, పాతిక శాతం ఎక్కువ.

మూడోసారి ముందు 6, పదకొండున్నరకి 4. పన్నెండింటికి 149, రెండింటికి 161, నాలుగింటికి 152, ఆరున్నరకి 134. ఇది ఆమె నంబరు, ఆ కొట్టు బిర్యానీకి, ఆ ప్లేటుకి. మటన్ అయితే, దమ్‌లో నెయ్యి ఇంకా ఎక్కువైతే మారుతుంది. ఎవరైనా మొదట చెయ్యాల్సింది కూడా ఇదే వరసలో, అంటే ముందు మొత్తం అంతే ఉంచి విడగొట్టడం, దాని ఫలితం చూశాకే మొత్తం పెంచడం, అది కూడా ఒకేసారి పాతిక శాతం దాటకుండా. రెండూ ఒకేసారి మారిస్తే రాత్రి మూడింటికి డౌన్ అయినప్పుడు దేన్ని తగ్గించాలో తెలీదు. పిల్లల విషయంలో అయితే ఇంకా మెల్లగా వెళ్ళాలి, వాళ్ళకి అర యూనిట్ కూడా పెద్ద తేడానే.

ఈ రెండో సూది వల్ల ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. రిసెప్షన్‌లో ఎంత తింటామో ముందే ఎవరికి తెలుసు? ప్లేటు పట్టుకున్నాక పెద్దమ్మ వచ్చి ఇంకో గరిటె వేసేస్తుంది, లేకపోతే మాటల్లో పడి సగం వదిలేస్తాం. అన్నీ ముందే వేసేసుంటే ఇక చేసేదేం లేదు, విడగొట్టి వేసుకుంటే రెండో డోస్ నిజంగా తిన్నదాన్ని బట్టి వేసుకోవచ్చు. అయితే రసగుల్లా, ఛెనాపోడ లాంటివి తింటే వాటిని రెండో డోస్‌లో కలపకూడదు, వాటిలో ఉన్న చక్కెర బిర్యానీ అంత ఆలస్యం చెయ్యదు, దాని ఇన్సులిన్ అది తినేటప్పుడే వేసుకోవాలి.

రెండో సూది వేసేముందు షుగర్ చూడటం తప్పనిసరి, ఇందులో మొహమాటం లేదు. 100 కంటే తక్కువున్నా, సెన్సర్ బాణం కిందకి చూపిస్తున్నా అప్పుడు వెయ్యకూడదు, అరగంట ఆగి మళ్ళీ చూసి, పెరగడం మొదలైతే అప్పుడు, అది కూడా సగమే. డీజే దగ్గర గంటసేపు ఎగిరినవాళ్ళకి అదే మాట. మందు తాగితే లెక్క ఇంకా మారిపోతుంది, ఎందుకంటే మద్యం లివర్ గ్లూకోజ్ వదలడాన్ని ఆపేస్తుంది, బిర్యానీ కొవ్వేమో వదిలిస్తుంది, ఏది గెలుస్తుందో ముందే చెప్పలేం, అలాంటి రాత్రి రెండో డోస్ మానెయ్యడమో సగం చెయ్యడమో మంచిది. పొద్దున్న 220 ఉంటే సరిచేసుకోవచ్చు, నిద్రలో 40 అయితే పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు వేరే ఉంది, అది డోస్ మీద డోస్ వెయ్యడం. రాత్రి రెండింటికి 188 చూసి ఇంకో రెండు యూనిట్లు వేసేస్తారు, కానీ పదకొండున్నరకి వేసిన డోస్ ఇంకా ఒంట్లో కొంత ఉంది, అది తన పని తను చేస్తోంది. చివరి ఫాస్ట్ డోస్ వేసి నాలుగు గంటలు కాకుండా కరెక్షన్ వెయ్యకపోవడం ఈ పద్ధతిలో గట్టి నియమంగా పెట్టుకోవాలి. ఇక డౌన్ అయితే చాక్లెట్, ఐస్‌క్రీమ్ పనికిరావు, వాటిలోనూ కొవ్వే ఉంది, పొట్ట ముందే బిర్యానీతో నిండుంది. గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగడమే దారి, పావుగంటకి మళ్ళీ చూడాలి, మామూలు రోజు కంటే కొంచెం ఆలస్యంగా ఎక్కుతుందని గుర్తుంచుకోవాలి. చాలా ఏళ్ళుగా షుగర్ ఉండి, కొంచెం తిన్నా పొట్ట నిండినట్టుండి, పూటపూటకీ వాంతి వచ్చేట్టుండేవాళ్ళకి పొట్ట నరాలే నెమ్మదించి ఉండొచ్చు, వాళ్ళకి ఇడ్లీ తిన్నా షుగర్ లేటుగానే ఎక్కుతుంది, అది బిర్యానీ లెక్క కాదు, డాక్టర్ చూడాల్సిన వేరే విషయం.

ఇక్కడిదాకా చెప్పిందంతా ఫాస్ట్ ఇన్సులిన్ వాడేవాళ్ళకి. మన వైపు, ముఖ్యంగా రాయగడ, గజపతి జిల్లాల పల్లెల్లో, చాలామంది ఇంకా సిరంజితో తీసుకునే రెగ్యులర్ ఇన్సులిన్ మీదే ఉంటారు, యాక్ట్రాపిడ్ లాంటిది. దాన్ని పాతదని చిన్నచూపు చూస్తారు కానీ బిర్యానీ దగ్గర దానికో సౌకర్యం ఉంది, అది అరగంటకి మొదలై, రెండు నుంచి నాలుగు గంటల మధ్య గట్టిగా పనిచేసి, ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా సాగుతుంది. అంటే ఫాస్ట్ ఇన్సులిన్ రెండు సూదులతో చేసే పనిలో కొంత ఇది ఒక్క సూదితోనే చేసేస్తుంది. కాబట్టి నోవోరాపిడ్ వాళ్ళ లెక్క చూసి రెగ్యులర్‌ని కూడా గంటన్నరకి రెండోసారి వేసుకుంటే, ఆ రెండో డోస్ తెల్లవారుజామున, భోజనం అయిపోయాక కూడా ఒంట్లో మిగిలి కిందకి లాగేస్తుంది. వాళ్ళు విడగొట్టక్కర్లేదు, అరగంట ముందు వేసుకుని, నాలుగు గంటలకీ ఆరు గంటలకీ చూసి, లోటుంటే మొత్తంలో కొద్దిగా పెంచడం గురించి డాక్టర్‌తో మాట్లాడితే చాలు.

మిక్స్‌టార్డ్ 30/70 లాంటి కలిపిన ఇన్సులిన్ పొద్దున్నా రాత్రీ వేసుకునేవాళ్ళకి మాత్రం ఈ పద్ధతి కుదరదు. అందులో 30 భాగాలు రెగ్యులర్, 70 భాగాలు మెల్లగా పనిచేసేది, రెండూ ఒకే బుడ్డిలో ఉంటాయి కాబట్టి భోజనం భాగాన్ని పెంచితే రాత్రంతా పనిచేసే భాగం కూడా పెరిగిపోతుంది. గంటన్నరకి అదే ఇంకోసారి వేస్తే పొద్దున్నదాకా తోక సాగుతుంది. వీళ్ళకి ప్లేటు తగ్గించడం, బిర్యానీని మధ్యాహ్నానికి మార్చుకోవడం, తర్వాత కాసేపు నడవడం తప్ప డోస్‌తో ఆడే వీలు లేదు. ఉత్త మాత్రల మీద ఉన్న టైప్ టూ వాళ్ళకి కూడా కొవ్వు ఇలాగే లేటుగా షుగర్ పెంచుతుంది, కానీ రాత్రి పక్కింటివాళ్ళ పెన్ను అడిగి నాలుగు యూనిట్లు వేసుకోవడం దానికి మందు కాదు, అలా చేసేవాళ్ళున్నారు కాబట్టి చెప్పడం.

ఇన్సులిన్ పంపు ఉన్నవాళ్ళకి పని సులువు, సూది రెండోసారి గుచ్చక్కర్లేదు, కొంత ఇప్పుడే, మిగతాది ఇన్ని గంటల్లో అని సెట్ చేస్తే అదే నెమ్మదిగా ఇస్తుంది, దాన్నే డ్యూయల్ వేవ్ అంటారు. ఎంత ముందు, ఎంత తర్వాత, ఎన్ని గంటలు అనేదాంట్లో మాత్రం పరిశోధకులకే ఒక మాట లేదు. 2005లో పిజ్జాతో చేసిన ఒక పరిశీలనలో సగం ముందు, సగం 8 గంటల్లో ఇస్తే బావుందన్నారు, పైన చెప్పిన 2016 పిజ్జా ప్రయోగంలో లెక్కకట్టి చూస్తే 30 శాతం ముందు, 70 శాతం సుమారు 2.4 గంటల్లో కుదిరింది. మన బిర్యానీలో అన్నం వాటా పిజ్జా కంటే ఎక్కువ కాబట్టి 30 శాతంతో మొదలెడితే మొదటి గంటలోనే షుగర్ ఎగిరిపోయే అవకాశం ఉంది, సగం దగ్గర మొదలెట్టి మూడు నాలుగు గంటలకి సాగదీయడం నయం. మినీమెడ్ 780జీ లాంటి ఆటో పంపుల్లో ఆటో మోడ్‌లో ఉన్నప్పుడు ఈ డ్యూయల్ వేవ్ ఉండదు, షుగర్ ఎక్కేకొద్దీ అదే చిన్న చిన్న డోస్‌లు ఇచ్చుకుంటూ పోతుంది, చాలా రాత్రులు అదే సరిపోతుంది కూడా. అలాంటి పంపు ఉండి కూడా ఓపిక లేక పక్కన పెన్నుతో విడిగా వేసుకుంటే, ఆ ఇన్సులిన్ సంగతి పంపుకి తెలీదు, అది తన లెక్క తను ఇస్తూనే ఉంటుంది, రెండూ కలిసి తెల్లవారుజామున దెబ్బ కొడతాయి.

హోటల్ మారినప్పుడల్లా లెక్క మళ్ళీ మొదటికొస్తుందా అంటే పూర్తిగా రాదు. కొత్త చోట తినేటప్పుడు మొదటి డోస్ అలాగే ఉంచి, అన్నం లెక్క మీద ఎక్కువగా కలిపిన యూనిట్లలో సగాన్ని రెండో డోస్‌లోంచి తీసేసుకుంటే సరిపోతుంది. పై లెక్కలో అమ్మాయి అయితే ముందు 6, తర్వాత 4 బదులు 3 వేసుకుని, రాత్రి రెండింటికి అలారం పెట్టుకుంటుంది, ఆ నంబరు చూశాక ఆ హోటల్ బిర్యానీ తన కొట్టు దానికంటే బరువో తేలికో ఆమెకే తెలిసిపోతుంది.